పాత జీమెయిల్ పోయిందా? మెయిల్స్ సంగతి తర్వాత, ముందు ఆ అడ్రస్ ఎక్కడెక్కడ ఇచ్చారో చూడండి

ఏళ్ల తరబడి తెరవని జీమెయిల్ ఖాతాను గూగుల్ తీసేసిందని తెలియగానే మన ఇళ్లలో అందరూ అడిగేది ఒకటే: "మళ్లీ తెప్పించొచ్చా?" అడగాల్సిన ప్రశ్నే, కాదనను. కానీ దానికి జవాబు ఒక్క పూటలో తేలిపోతుంది. వస్తే వస్తుంది, లేకపోతే ఇక రాదు. ఆ తర్వాత కూడా నెలల తరబడి దాని వెనకే తిరిగేవాళ్లను చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అసలు నష్టం అప్పటికి వేరే చోట జరుగుతూ ఉంటుంది. పోయిన మెయిల్స్‌లో మనకి పనికొచ్చేవి తక్కువే ఉండొచ్చు. ఆ అడ్రస్‌ని నమ్ముకుని బ్యాంకు, మ్యూచువల్ ఫండ్, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఇప్పటికీ కాగితాలు పంపిస్తూనే ఉంటారు. అవి ఎవరికీ చేరవు. చేరట్లేదని మనకి చెప్పేవాళ్లూ ఉండరు.

ముందు నిబంధన ఏమిటో చెప్తాను. గూగుల్ 2023 మే నెలలో ప్రకటించింది, ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది: రెండేళ్లపాటు అసలు వాడని వ్యక్తిగత ఖాతాలను తీసేయొచ్చని. ఆఫీసు, స్కూలు ఇచ్చిన ఖాతాలకు ఇది వర్తించదు. తీసేయడమంటే ఇన్‌బాక్స్ ఖాళీ చేయడం ఒక్కటే కాదు. డ్రైవ్, ఫోటోలు, క్యాలెండర్, ఖాతా మొత్తం. వాడకం అంటే పెద్ద పనేమీ అక్కర్లేదు, ఆ ఖాతాతో లాగిన్ అయి ఒక మెయిల్ చదివినా, యూట్యూబ్‌లో ఒక వీడియో చూసినా, ప్లే స్టోర్ నుంచి ఒక యాప్ దింపుకున్నా లెక్కలోకి వస్తుంది. యూట్యూబ్‌లో వీడియోలు పెట్టిన ఖాతాల జోలికి ప్రస్తుతానికి వెళ్లమన్నారు. గూగుల్ చెప్పిన కారణం కూడా కొట్టిపారేసేది కాదు: వదిలేసిన ఖాతాల్లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవి, వాడుకలో ఉన్నవాటితో పోలిస్తే కనీసం పది రెట్లు తక్కువని. పాత పాస్‌వర్డ్ ఎక్కడో లీకై ఉంటుంది, దొంగ లోపలికి దూరతాడు, ఖాతా యజమానికి ఏళ్లయినా తెలీదు. నేను ఆ వాదనను ఒప్పుకుంటాను. నా గొడవంతా హెచ్చరిక వెళ్లే దారి మీద.

తీసేసే ముందు గూగుల్ పలుసార్లు హెచ్చరిక పంపుతుంది. ఎక్కడికి? ఆ ఖాతాకే, దాంతోపాటు రికవరీ మెయిల్ ఇచ్చి ఉంటే దానికి. తెరవని ఖాతాకు పంపిన హెచ్చరికను తెరిచి చూసేదెవరు? రికవరీ మెయిలంటారా, అది అదే రోజుల్లో పెట్టుకున్న ఇంకో పాత అడ్రస్ అయి ఉంటుంది, అదీ పడుకునే ఉంటుంది.

సైనిక్‌పురిలో ఉండే మా బాబాయ్ విషయంలో అచ్చం ఇదే జరిగింది. రిటైరయ్యారు, పెన్షన్ వస్తుంది, కొన్ని ఫండ్లున్నాయి, ఒక డీమ్యాట్ ఉంది. ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో పెట్టుకున్న జీమెయిల్ ఒకటి, దానికి రికవరీగా అంతకంటే పాత యాహూ అడ్రస్. ఆయన ఆ జీమెయిల్‌ని కావాలని వదిలేయలేదు. కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు "పాస్‌వర్డ్ గుర్తుందా అంకుల్?" అన్నాడు, ఈయన లేదన్నారు, "అయితే కొత్తది పెట్టేస్తా" అని వాడు అక్కడికక్కడే పేరు వెనక నాలుగంకెలు తగిలించి కొత్త ఖాతా చేసిచ్చాడు. మన హైదరాబాద్‌లో ఏ మొబైల్ షాపు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడినా ఇది కనిపిస్తుంది. పెద్దవాళ్ల జీమెయిల్స్ ఎక్కువగా ఇలాగే చచ్చిపోతాయి. బాబాయ్ ఫోన్‌లో మెయిల్ యాప్ ఉంది, మెయిల్స్ వస్తున్నాయి, కాబట్టి తన మెయిల్ బాగానే ఉందని ఆయన నమ్మకం. ఫోన్‌లో ఉన్నది వేరే అడ్రస్ అన్న ఆలోచనే రాలేదు.

బయటపడింది ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ దగ్గర. రిఫండ్ ఇంకా రాలేదేమిటని రిటర్న్ వేసిపెట్టే ఆడిటర్‌గారిని అడిగితే ఆయన పోర్టల్ తెరిచి, రిటర్న్‌లో లోపముందని 139(9) కింద నోటీసు వచ్చి ఉందని, మెయిల్ చూసుకోలేదా అని అడిగారు. దానికి జవాబివ్వాల్సిన గడువు 15 రోజులు. గడువు దాటితే ఆ రిటర్న్ అసలు వేయనట్టే లెక్కగట్టొచ్చు. గడువు ఇంకా కొంచెం మిగిలుండగా చూడబట్టి సరిపోయింది. పిన్ని ఫోన్ చేసి "మీ బాబాయ్ పొద్దుట్నుంచి అన్నం కూడా తినట్లేదురా, మెయిల్ తెరుచుకోవట్లేదంట" అంటే వెళ్లాను.

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది, ఖాతా ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం. చాలామంది దీన్ని దాటేసి నేరుగా పాస్‌వర్డ్‌లు కొట్టడం మొదలుపెడతారు. లాగిన్ పేజీలో అడ్రస్ ఇచ్చి ముందుకు వెళ్తే తెర మీద వచ్చే మాటను బట్టే సగం సంగతి తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ అడిగిందంటే ఖాతా బతికే ఉంది, మీ సమస్య పాస్‌వర్డ్ మర్చిపోవడమే, అది వేరే కథ. ఖాతా `disabled` అని వస్తే నిబంధనల ఉల్లంఘన పేరుతో ఆపారని అర్థం, దానికి అప్పీలు చేసుకోవచ్చు. ఈమధ్యే తీసేశామని `recently deleted` అన్న మాట కనిపిస్తే ఇంకా ఆశ ఉంది. `Couldn't find your Google Account` అని వస్తే, స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి, సరిగ్గానే ఉంటే ఖాతా పోయినట్టే. బాబాయ్‌కి వచ్చింది ఇదే.

నమ్మబుద్ధి కాకపోతే ఇంకో అడ్రస్ నుంచి దానికి ఒక మెయిల్ పంపి చూడండి. ఖాతా లేకపోతే వెంటనే తిరిగొస్తుంది, అందులో ఇలాంటి లైను ఉంటుంది:

```
550 5.1.1 The email account that you tried to reach does not exist.
```

ఈ లైనును గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ దీని అవసరం పడుతుంది.

ఇక్కడ ఒక తప్పుడు ఆశ పుడుతుంది. అదే పేరుతో కొత్త ఖాతా తెరుద్దామని ప్రయత్నిస్తే `That username is taken` అని వస్తుంది. "చూశావా, ఉంది కదా, ఇంకెవరో వాడుతున్నారు" అన్నారు బాబాయ్, టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరూ వాడట్లేదు. ఒకసారి తీసేసిన జీమెయిల్ అడ్రస్‌ను గూగుల్ మళ్లీ ఎవరికీ ఇవ్వదు, అసలు యజమానికి కూడా. పేరు మధ్యలో చుక్క పెట్టి ప్రయత్నించినా అంతే, జీమెయిల్‌కి చుక్కలు లెక్కలేదు, చుక్కున్నా లేకున్నా దానికి ఒకటే అడ్రస్. మనకి ఇది కఠినంగా అనిపిస్తుంది కానీ ఈ ఒక్క విషయంలో గూగుల్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదని నా అభిప్రాయం. యాహూ 2013లో దీనికి విరుద్ధంగా చేసింది, ఏడాదిపాటు వాడని పేర్లను వేరేవాళ్లకి ఇస్తామంది. ఇచ్చాక కొత్తగా తీసుకున్నవాళ్ల ఇన్‌బాక్సుల్లో పాత యజమానుల మెయిల్స్ వచ్చిపడ్డాయి. బాబాయ్ అడ్రస్ రేపు ఇంకొకరి చేతికి వెళ్తే ఆయన ఫండ్ స్టేట్‌మెంట్లు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు అన్నీ వాళ్లకి వెళ్తాయి. దానికంటే ఆ అడ్రస్ ఎవరికీ లేకుండా పోవడమే మేలు.

మరి తెప్పించుకోవడం? `accounts.google.com/signin/recovery` పేజీకి వెళ్లాలి, గతంలో ఆ ఖాతా వాడిన కంప్యూటర్ లేదా ఫోన్ నుంచి, అదే బ్రౌజర్‌లో, వీలైతే అదే ఇంటి నెట్ నుంచి. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ ఇవ్వాలి, పూర్తిగా సరైనది కాకపోయినా పాతది పనికొస్తుంది. ఖాతా తీసేసి కొద్దికాలమే అయితే వెనక్కి రావచ్చు. ఎన్ని రోజులని గూగుల్ హామీ ఇవ్వదు, కాబట్టి తెలిసిన రోజే చేయాలి. ఆ వ్యవధి దాటితే ఖాతాయే ఉండదు కనక రికవరీ పేజీకి తెరవడానికి ఏమీ ఉండదు. ఈ మాట బాబాయ్‌కి చెప్పడానికి నాకు మనసొప్పలేదు కానీ చెప్పాను. ఆయన అప్పటికే ఎవరో ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి ఉన్నారు, రెండు వేలిస్తే తెచ్చిస్తామని వాళ్లన్నారట, ముందు ఫోన్‌కి వచ్చే ఓటీపీ చెప్పమన్నారట. పోయిన జీమెయిల్‌ను డబ్బు తీసుకుని తెచ్చిచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఆ ఓటీపీ జీమెయిల్‌ది కాదు, మీ నంబర్‌తో నడిచే ఇంకేదో ఖాతాది. పొరపాటున చెప్పి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

యాహూ దగ్గర పరిస్థితి వేరు, ఆ తేడా తెలిస్తేనే నా అసలు వాదన అర్థమవుతుంది. అక్కడ పన్నెండు నెలలు లాగిన్ కాకపోతే ఇన్‌బాక్స్‌లో ఉన్నదంతా తుడిచేస్తారు, ఆ మెయిల్స్ ఇక రావు. కానీ ఖాతా మిగిలి ఉంటే లాగిన్ అయి ఖాళీ ఇన్‌బాక్స్‌తో మళ్లీ మొదలుపెట్టొచ్చు. మెయిల్స్ పోతాయి, అడ్రస్ మిగులుతుంది. బాబాయ్ లాంటి మనిషికి అదే చాలు, ఎందుకంటే ఆయనకి కావాల్సింది 2011 నాటి ఉత్తరాలు కాదు, రేపు వచ్చే ఓటీపీ. జీమెయిల్‌లో అడ్రస్సే పోతుంది. అందుకే అంటున్నాను, ఏం పోయిందో లెక్కేసుకోవాల్సింది ఇన్‌బాక్స్ వైపు నుంచి కాదు, ఆ అడ్రస్‌ను ఎవరెవరికి ఇచ్చామో వాళ్ల వైపు నుంచి.

ఆ అడ్రస్‌తో ముడిపడిన ఖాతాలు రెండు రకాలు, వీటిని కలిపేసి చూడొద్దు.

మొదటి రకం, "గూగుల్‌తో లాగిన్" బటన్ నొక్కి తెరిచినవి. వీటికి వేరే పాస్‌వర్డ్ ఉండదు. సైట్ మనల్ని గుర్తుపట్టేది గూగుల్ పంపే ఒక గుర్తింపు సంఖ్యతో, అది ఖాతాకి ఒక్కటే ఉంటుంది. ఖాతా పోతే ఆ సంఖ్యా పోయింది. కొత్త జీమెయిల్‌తో అదే బటన్ నొక్కితే ఆ సైట్ దృష్టిలో మీరు కొత్త మనిషి, ఖాళీ ఖాతా తెరిచి ఇస్తుంది. పాత ఖాతా ఆ సైట్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది, మీకు లోపలికి దారి లేదంతే. పాస్‌వర్డ్ పెట్టుకుందామన్నా ఆ లింకు వెళ్లేది చచ్చిన అడ్రస్‌కే. ఖాతాలో మొబైల్ నంబర్ కూడా ఇచ్చి ఉంటే ఓటీపీతో వెళ్లొచ్చు, లేదంటే సైట్ వాళ్ల సపోర్ట్‌కి పాత ఆర్డర్ నంబర్లు, బిల్లులు చూపించి అడగాల్సిందే.

రెండో రకం, సొంత పాస్‌వర్డ్ ఉండి, మెయిల్‌ను కేవలం అడ్రస్‌గా వాడుకునేవి. ఇవి ఈరోజుకి పనిచేస్తూనే ఉంటాయి, ప్రమాదమంతా అక్కడే. పాస్‌వర్డ్ గుర్తున్నంతకాలం ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, మర్చిపోయిన రోజున లేదా కొత్త ఫోన్‌లో లాగిన్ అవ్వాల్సిన రోజున మెయిల్‌కి కోడ్ పంపామంటుంది. అప్పుడు తెలుస్తుంది.

అందుకని బాబాయ్ దగ్గర కూర్చుని చేసిన మొదటి పని, ఫోన్‌లో, పాత డెస్క్‌టాప్‌లో ఎక్కడెక్కడ ఇంకా లాగిన్ అయి ఉన్నారో చూడటం. ఫేస్‌బుక్ ఆ డెస్క్‌టాప్ బ్రౌజర్‌లో తెరిచే ఉంది. ఇలా తెరిచి ఉన్నవాటిని పొరపాటున కూడా లాగౌట్ చేయకూడదు, హిస్టరీ తుడవకూడదు, "స్లోగా ఉంది" అని ఫోన్‌ని రీసెట్ చేయకూడదు. లోపల ఉండగానే కొత్త అడ్రస్ చేర్చి, దానికొచ్చే కోడ్‌తో ధ్రువీకరించి, ఆ తర్వాతే పాతది తీసేయాలి. వాట్సాప్ నంబర్ మీద నడుస్తుంది కనక దానికేం కాదు. కానీ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది, అది ఏ ఖాతాకి వెళ్తోందో సెట్టింగ్స్‌లో చూసి కొత్తదానికి మార్చాం.

తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్. ఇక్కడ లాగిన్ ఐడీ పాన్ నంబరే, పాస్‌వర్డ్ మర్చిపోయినా ఆధార్‌కి లింకైన మొబైల్ ఓటీపీతో మార్చుకోవచ్చు. ఆధార్‌లో ఉన్న నంబర్ ఇప్పటికీ ఆయన చేతిలోనే ఉంది కాబట్టి సులువుగా అయిపోయింది. లోపలికి వెళ్లి ప్రొఫైల్‌లో కాంటాక్ట్ వివరాల దగ్గర మెయిల్ మార్చాం, పోర్టల్ ఓటీపీని కొత్త అడ్రస్‌కే పంపి ధ్రువీకరించుకుంది. ఆధార్ మొబైల్ కూడా పాతదైపోయి ఉంటే మాత్రం ముందు ఆధార్‌లో నంబర్ మార్పించుకోవాలి. నన్నడిగితే హైదరాబాద్‌లో ఉన్న ప్రతి పెద్దాయనా తన మెయిల్ కంటే ముందు ఆ నంబర్ సరిచూసుకోవాలి.

ఎక్కువ శ్రమ పడింది మ్యూచువల్ ఫండ్ల దగ్గరే. ఫండ్ కంపెనీలు వేర్వేరు అయినా మన ఫోలియో రికార్డులు చాలావరకు రెండు సంస్థల దగ్గరే ఉంటాయి, క్యామ్స్, కేఫిన్‌టెక్. రెండోది మన గచ్చిబౌలి వైపు ఉన్నదే. అన్ని ఫండ్ల వివరాలూ కలిపి వచ్చే స్టేట్‌మెంట్ రిజిస్టర్ అయిన మెయిల్‌కే వెళ్తుంది, కొత్త మెయిల్ ఇచ్చి దీనికి పంపండంటే పంపరు. నిజానికి అది మన రక్షణ కోసమే. ఫోలియోలో మొబైల్ సరిగ్గా ఉన్నవాటికి ఓటీపీతో ఆన్‌లైన్‌లోనే మార్పు అయింది. ఒకదాంట్లో మొబైల్ కూడా పాతదే, దానికి సర్వీస్ సెంటర్‌కి వెళ్లి కాంటాక్ట్ వివరాల మార్పు ఫారం నింపి, ఫోలియోలో ఉన్నట్టే సంతకం పెట్టాల్సి వచ్చింది. ఫారంలో ఇచ్చే మెయిల్ ఎవరిదో కూడా టిక్ పెట్టమంటారు, సొంతమా, జీవిత భాగస్వామిదా, పిల్లలదా అని. "నీదే ఇచ్చెయ్యరా, నాకీ గొడవలొద్దు" అన్నారు బాబాయ్. నేను ఒప్పుకోలేదు. కొడుకులు, అల్లుళ్లు ఇలా తమ మెయిల్ ఇచ్చేయడం ఆ రోజుకి సులువు, కానీ వాళ్లు దేశం మారితేనో, మాటలు లేకపోతేనో, ఆయన డబ్బు సమాచారం ఆయనకే అందదు. ఫోన్‌లో రోజూ తెరిచే ఆ నాలుగంకెల అడ్రస్సే ఇచ్చాం. డీమ్యాట్‌కి మాత్రం ఇవేవీ పనిచేయవు, మన బ్రోకర్ లేదా బ్యాంకు ద్వారానే మార్చాలి.

ఇన్ని చోట్ల తిరిగాక నాకు బలంగా అనిపించింది ఒకటుంది. పైన చెప్పిన `550 5.1.1` లైను ఆ సంస్థలన్నిటికీ వెళ్తూనే ఉంది. బాబాయ్‌కి మెయిల్ పంపిన ప్రతిసారీ వాళ్ల సర్వర్‌కి "ఈ ఖాతా లేదు" అని జవాబు వచ్చి ఉంటుంది. ఆయన మొబైల్ నంబర్ చాలామంది దగ్గర ఉంది, "మీ మెయిల్ పనిచేయట్లేదు, మార్చుకోండి" అని ఒక్క ఎస్సెమ్మెస్ పంపితే సరిపోయేది. పండక్కి లోన్ ఆఫర్ల ఎస్సెమ్మెస్ పంపడం వచ్చినవాళ్లకి ఇది రాదా? డబ్బు వ్యవహారాలు చూసే ప్రతి సంస్థా మెయిల్ తిరిగొచ్చిందంటే మొబైల్‌కి చెప్పి తీరాలన్న నిబంధన ఉండాలని నా వాదన. గూగుల్ కూడా అంతే, ఖాతాలో రికవరీ ఫోన్ నంబర్ ఉన్నప్పుడు తీసేసే ముందు ఆ నంబర్‌కి చెప్పడం దానికి కష్టమైన పనేమీ కాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల పాత ఖాతా ఇంకా పోకుండా ఉంటే ఇప్పుడే లాగిన్ అయి ఒక మెయిల్ చదవండి, రెండేళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఫోటోల కోసం ఫోటోస్ యాప్ కూడా ఒకసారి తెరవండి, దాని వాడకాన్ని గూగుల్ విడిగా చూస్తుంది. రికవరీ మెయిల్ స్థానంలో రోజూ చూసేది పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో `Inactive Account Manager` అని ఉంటుంది, అందులో ఎన్ని నెలలు వాడకపోతే కబురు పెట్టాలో మనమే ఎంచుకోవచ్చు, 3 నుంచి 18 నెలల దాకా, పది మంది వరకు పేర్లివ్వొచ్చు, కావాలంటే డేటా కూడా వాళ్లకి అందేలా పెట్టొచ్చు. బాబాయ్ కొత్త ఖాతాలో పిన్ని పేరు, నా పేరు చేర్చి, వ్యవధి 6 నెలలని పెట్టాం. దానికో మొబైల్ నంబర్ కూడా అడుగుతుంది. ఆధార్‌లో ఉన్న నంబరే ఇచ్చాం.